జీతం 7న, ఈఎంఐ 5న: వాయిదా తేదీ మార్చమని ఫైనాన్స్ కంపెనీని ఎలా అడగాలి?

ప్రశ్న: "రాయగడలో ఫ్యాక్టరీలో కాంట్రాక్టర్ కింద పని చేస్తున్నాను. ముందు జీతం 1కే పడేది. కాంట్రాక్టర్ మారాక 7కి పడుతోంది, ఓసారి 8 సాయంత్రం అయింది. పార్వతీపురం బ్రాంచిలో తీసుకున్న పర్సనల్ లోను ఈఎంఐ 9,800 ప్రతి 5న కట్ అవుతుంది. వరసగా రెండు నెలలు బౌన్స్. ఒక్కోసారికి ఫైనాన్స్ వాళ్లు 590, బ్యాంకు వాళ్లు 295 లాగేశారు. అసలు ఇంకా 2.80 లక్షలుంది, వడ్డీ 14 శాతం, 35 వాయిదాలు కట్టాలి. తేదీ మార్చమంటే మారుస్తారా? ఎలా అడగాలండీ?"

మారుస్తారండీ. లోను కాలంలో ఒకసారి వాయిదా తేదీ మార్చడానికి చాలా ఫైనాన్స్ కంపెనీలు, ప్రైవేటు బ్యాంకులు ఒప్పుకుంటాయి. మీరు 10వ తేదీ అడగండి. అడిగే ముందు ఆ రెండు బౌన్సుల తాలూకు బాకీ, చార్జీలు పూర్తిగా తేల్చేయండి. ఈ నెల వాయిదా కట్టిన మర్నాడే దరఖాస్తు పెట్టండి, 20 దాటనివ్వకండి. దీనికి మీకయ్యే ఖర్చు ఐదు రోజుల వడ్డీ, అంటే సుమారు 537 రూపాయలు. కంపెనీకి మార్పు రుసుము ఉంటే అది అదనం. ఒక్క బౌన్సుకే మీకు 885 పోతోంది కాబట్టి ఆలోచించాల్సిన పని లేదు.

అయితే ఇది మీ హక్కు కాదు, వాళ్లు ఇచ్చే వెసులుబాటు. క్రెడిట్ కార్డు విషయంలో బిల్లింగ్ తేదీల్ని కనీసం ఒకసారి మార్చుకునే అవకాశం ఇవ్వాలని ఆర్‌బీఐ నిబంధన ఉంది. లోను వాయిదాకి అలాంటిది లేదు. పైగా 2021 నవంబరు 12 నాటి ఆర్‌బీఐ సర్క్యులర్ ప్రకారం వాయిదా ఏ తేదీన కట్టాలో లోను అగ్రిమెంట్‌లో కచ్చితంగా రాసి ఉండాలి. ఆ రోజు రాత్రి లెక్కలు మూసే సమయానికి డబ్బు రాకపోతే ఖాతాని ఓవర్‌డ్యూగా గుర్తించాలి. అంటే 5 అన్నది బ్రాంచి కుర్రాడు కంప్యూటర్లో దిద్దేసే అంకె కాదు, అగ్రిమెంట్‌లో ఒక షరతు. దాన్ని మారిస్తే వాయిదాల పట్టిక మొత్తం మళ్లీ తయారవ్వాలి. ఆ అధికారం మామూలుగా హెడ్డాఫీసులో ఉంటుంది, బ్రాంచి కాగితాలు పైకి పంపుతుంది అంతే. "బ్రాంచి మేనేజరు సరే అన్నాడు" అనే మాట మీద నిశ్చింతగా కూర్చుని, వచ్చే నెల 5న మళ్లీ బౌన్సు తిన్నవాళ్లు చాలామంది. నోటిమాట చెల్లదు.

ఏ తేదీ అడగాలి

జీతం మామూలుగా ఎప్పుడు పడుతుందో చూడకండి, ఎంత ఆలస్యంగా పడిందో చూడండి. కొత్త కాంట్రాక్టర్ వచ్చాక ఎన్ని నెలలైతే అన్ని నెలల స్టేట్‌మెంట్ తీసి, జీతం పడిన తేదీలన్నీ ఒక కాగితం మీద వరసగా రాయండి. వాటిలో అన్నిటికంటే వెనకది మీకు లెక్క. మీరు చెప్పినదాన్ని బట్టి అది 8 సాయంత్రం.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వాయిదాకి సెలవుల్లేవు, జీతానికి ఉన్నాయి. ఆటో డెబిట్ నడిచే నాచ్ వ్యవస్థ 2021 ఆగస్టు 1 నుంచి ఆదివారాలు, బ్యాంకు సెలవులతో సహా అన్ని రోజులూ పనిచేస్తోంది. అంతకు ముందు 5న ఆదివారం వస్తే వాయిదా సోమవారానికి జరిగేది, మనకి ఒక రోజు కలిసొచ్చేది. ఇప్పుడు ఆదివారమే వచ్చి ఖాతా తడుతుంది. జీతం పంపే దారి కూడా రోజంతా తెరిచే ఉంటుంది గానీ, ఆ జీతాల ఫైలు ఎక్కించాల్సింది కాంట్రాక్టర్ ఆఫీసులో మనిషి. ఆయనకి ఆదివారం ఉంది, రథయాత్ర ఉంది. రథయాత్ర కొన్ని ఏళ్లలో సరిగ్గా జులై మొదటి వారంలోనే పడుతుంది. ఏప్రిల్ 1 బ్యాంకుల ఖాతాల ముగింపు రోజు, ఒడిశాలో ఉత్కళ దివస్ కూడా. అందుకే మార్చి జీతం మిగతా నెలలకంటే ఒకటి రెండు రోజులు వెనకబడడం మామూలే. 

ఇంకో మాట. వేతనాల కోడ్ ప్రకారం నెల జీతం తర్వాతి నెల 7లోపు ఇవ్వాలి. మీ కాంట్రాక్టర్ ఆ గడువు అంచునే పట్టుకున్నాడు కాబట్టి మళ్లీ 1కో 2కో వెనక్కి వస్తాడని ఆశ పెట్టుకుని ఆగకండి.

నాచ్ ఫైలు డ్యూ డేట్ రోజు మామూలుగా పొద్దున్నే మీ బ్యాంకుకి చేరుతుంది. ఆ రోజు సాయంత్రం ఐదింటికి జీతం పడినా పొద్దున్నే "బ్యాలెన్స్ లేదు" అని తిరిగిపోయి ఉంటుంది. కొన్ని బ్యాంకులు సాయంత్రం ఇంకోసారి చూస్తాయి, దాన్ని నమ్ముకోకూడదు. కాబట్టి డబ్బు ముందు రోజు రాత్రికే ఖాతాలో ఉండాలి. 8 సాయంత్రం పడిన జీతానికి 9 కూడా గట్టెక్కిస్తుంది, కానీ ఊపిరి సలపదు. ఎలాగూ కంపెనీలు మనం కోరిన ఏ తేదీ పడితే ఆ తేదీ ఇవ్వవు. వాళ్ల దగ్గర నెలకి మూడు నాలుగు తేదీలే ఉంటాయి, తరచుగా 5, 10, 15 లాంటివి. ముందే కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి "మీ దగ్గర ఏయే తేదీలున్నాయి" అని అడిగి, అందులోంచి ఎంచుకోండి. లేని తేదీ రాస్తే దరఖాస్తు తిప్పి పంపడానికి వాళ్లకి అదొక్కటి చాలు.

మరి ఇంకా భద్రంగా 15 అడిగితే? నేనైతే వద్దంటాను. జీతం పడ్డాక 9,800 వారం రోజులు ముట్టకుండా ఖాతాలో ఉంచడం రాసుకున్నంత తేలిక కాదు. రెండో కారణం క్రెడిట్ రిపోర్టు. 2025 జనవరి నుంచి లోను ఇచ్చినవాళ్లు నెలకి కనీసం రెండుసార్లు, నెల మధ్యలోనూ నెలాఖరునా, ఆ రోజుకి ఉన్న స్థితిని సిబిల్ లాంటి సంస్థలకి పంపాలి. 10న బౌన్సయితే 15లోపు సర్దుకునే వ్యవధి ఉంటుంది. 15నే బౌన్సయితే ఫొటో తీసే వేళకే జుట్టు చెదిరినట్టు. మీ రెండు బౌన్సులూ 7, 8 తేదీల్లో కట్టేసి ఉంటే 15 నాటికి ఖాతా శుభ్రంగానే ఉంటుంది, రిపోర్టులో పడి ఉండకపోవచ్చు. ఊహించుకోవడం కంటే చూసుకోవడం మేలు. ఒక్కో క్రెడిట్ సమాచార సంస్థ ఏడాదికి ఒకసారి పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. 

ఐదు రోజుల వడ్డీ ఎలా వసూలు చేస్తారు

మీ అసలు 2,80,000. ఏడాదికి 14 శాతం అంటే 39,200. దాన్ని 365తో భాగించి ఐదుతో గుణిస్తే 537 రూపాయలు. 5 నుంచి 10కి జరిగిన ఆ మొదటి నెల వ్యవధి ఐదు రోజులు పెరుగుతుంది కాబట్టి ఆ వడ్డీ అడగడం న్యాయమే. 15 అడిగి ఉంటే ఇదే 1,074 అయ్యేది. ఇది ఒక్కసారి పడేదే, ఆ తర్వాత ప్రతి నెలా 10 నుంచి 10కి మామూలే.

అసలు చూసుకోవాల్సింది దాన్ని ఏ రూపంలో తీసుకుంటారన్నది. కొందరు తేదీ మార్చే ముందే విడిగా కట్టించుకుంటారు. కొందరు మొదటి వాయిదాలో కలిపి 10,337 లాగుతారు. ఇంకొందరు మీ వాయిదా మార్చకుండా ఆ 537ని అసలులో కలిపేస్తారు. మూడోది వినడానికి హాయిగా ఉంటుంది, కానీ ఆ డబ్బు మీద 35 నెలలూ వడ్డీ నడుస్తుంది. 14 శాతం మీద లోను చివరికి అది 800 దాటుతుంది, చివరి వాయిదా ఆ మేరకి పెరుగుతుంది. కాబట్టి "అదనపు రోజుల వడ్డీ ఇప్పుడే విడిగా కడతాను, రసీదు ఇవ్వండి" అని దరఖాస్తులోనే రాయండి.

మార్పు రుసుము సంగతి మీ లోను కాగితాల్లో చూడండి. 2024 అక్టోబరు 1 తర్వాత తీసుకున్న లోనయితే ముందు పేజీల్లో ముఖ్య వివరాల పత్రం ఉంటుంది, కేఎఫ్ఎస్ అంటారు. అందులో రాయని చార్జీని మీ స్పష్టమైన అనుమతి లేకుండా వేయకూడదు. అంతకు ముందుదైతే శాంక్షన్ లెటరు వెనక చార్జీల పట్టిక ఉంటుంది.

మాండేట్ కాగితం ఒకసారి చదవండి

తేదీ మారాక కూడా బౌన్సయ్యే కేసులు చాలావరకు ఇక్కడే తేలతాయి. మీరు లోను తీసుకున్నప్పుడు సంతకం పెట్టిన నాచ్ ఫారం, లేదా ఆధార్‌తోనో డెబిట్ కార్డుతోనో ఫోన్లో ఒప్పుకున్న ఈ-మాండేట్, మీ బ్యాంకుకి ఇచ్చిన అనుమతి. దానికి యూఎంఆర్ఎన్ అని ఒక నంబరు ఉంటుంది. నెట్ బ్యాంకింగ్‌లోనో యాప్‌లోనో మాండేట్ల జాబితా తెరిస్తే కనిపిస్తుంది. లేకపోతే జీతం ఖాతా ఉన్న రాయగడ బ్రాంచిలో అడగండి. అందులో మూడు గడులు చూడాలి.

మొదటిది మొత్తం. "ఫిక్స్‌డ్" అని 9,800 రాసి ఉంటే ఆ అంకె తప్ప వేరేది వెళ్లదు. "మ్యాగ్జిమం" అని, వాయిదాకంటే ఎక్కువ అంకె ఉంటే ఆ లోపు ఎంతైనా వెళ్తుంది. పైన చెప్పినట్టు మొదటి నెల 10,337 పంపితే, మాండేటు 9,800కే ఉన్నప్పుడు ఖాతాలో యాభై వేలున్నా తిరిగిపోతుంది. మీకు బౌన్స్ మెసేజ్ వస్తుంది, బ్యాలెన్స్ చూస్తే నిండుగా ఉంటుంది, ఏమైందో అర్థం కాదు. వడ్డీ విడిగా కడతానని అనమనడానికి ఇది ఇంకో కారణం.

రెండోది గడువు, అంటే మాండేటు ఎప్పటివరకు చెల్లుతుందన్నది. కొన్ని కంపెనీలు చివరి వాయిదా తర్వాత కూడా చాలా కాలం చెల్లేలా రాయించుకుంటాయి. కొన్ని సరిగ్గా చివరి వాయిదా తేదీతో, మీ విషయంలో ఏదో ఒక 5వ తేదీతో ఆపేస్తాయి. మీ వాయిదాలు 10కి జరిగితే ఆఖరిది మాండేటు చచ్చిపోయిన ఐదు రోజులకి వస్తుంది. మూడేళ్లపాటు అన్నీ సవ్యంగా కట్టి, ఆఖరి వాయిదాకి బౌన్స్ చార్జీ, ఆపైన నో డ్యూస్ సర్టిఫికెట్‌కి తిప్పలు. ఇప్పుడే చూసుకుంటే పోతుంది.

మూడోది ఎన్నిసార్లు అన్నది: నెలకోసారి అనో, పంపినప్పుడల్లా అనో ఉంటుంది. రెండో రకమైతే తేదీ మారినా అదే మాండేటు మామూలుగా సరిపోతుంది. మొత్తం, గడువు, ఇది, మూడూ సరిపోతే కొత్త మాండేట్ అవసరం లేదనే చెప్పవచ్చు. అయినా కంపెనీ కొత్తది అడిగితే ఇవ్వండి, కానీ కొత్తది నమోదయ్యాక పాతదాన్ని రద్దు చేయమని రాతపూర్వకంగా అడగండి. రెండూ బతికుంటే ఒకే నెలలో 5న ఒకటి, 10న ఒకటి తగిలే ప్రమాదం ఉంది.

జీతం ఖాతా, లోను ఒకే బ్యాంకులో ఉన్నవాళ్లకి ఈ తలనొప్పి ఉండదు. అక్కడ నాచ్ బదులు స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ నడుస్తుంది, తేదీ మారిస్తే ఆ సూచన తేదీ కూడా మార్చారో లేదో అడిగితే చాలు.

దరఖాస్తు ఎలా పెట్టాలి

ముందు ఖాతా శుభ్రం చేయాలి. స్టేట్‌మెంట్ ఆఫ్ అకౌంట్ తెప్పించుకుని ఓవర్‌డ్యూ అన్న చోట సున్నా ఉందో లేదో చూడండి. వాయిదా కట్టేశాం కదా అనుకుంటాం, బౌన్స్ చార్జీ 590 అలాగే నిలబడి ఉంటుంది. అదొక్కటి మిగిలినా కొన్ని కంపెనీల సిస్టమ్ తేదీ మార్పుని ముందుకి పోనివ్వదు. బౌన్స్ చార్జీ కాకుండా ఆలస్యానికి అపరాధ రుసుము కూడా వేశారేమో చూడండి. దాన్ని అసలులో కలిపి మళ్లీ దాని మీద వడ్డీ వేయకూడదని ఆర్‌బీఐ 2023 ఆగస్టులో స్పష్టంగా చెప్పింది. కొత్త లోన్లకి 2024 ఏప్రిల్ నుంచి, పాతవాటికి ఆ ఏడాది జూన్ ఆఖరు లోపు అమలులోకి వచ్చింది.

సమయం విషయానికొస్తే, వచ్చే వాయిదాల నాచ్ ఫైలు కొన్ని రోజుల ముందే తయారవుతుంది. 28న దరఖాస్తు పెట్టి 5కి మారలేదని గొడవ పడితే లాభం లేదు. వాయిదా కట్టిన మర్నాటి నుంచి 20 లోపు పెడితే వాళ్లకి రెండు వారాలు దొరుకుతాయి.

మీ లోను పార్వతీపురం బ్రాంచిది కాబట్టి రాయగడలో అదే కంపెనీ ఆఫీసున్నా "హోమ్ బ్రాంచికి వెళ్లండి" అనవచ్చు. ప్రయాణం పెట్టుకునే ముందు మీ రిజిస్టర్డ్ ఈమెయిల్ నుంచి కస్టమర్ కేర్‌కి దరఖాస్తు పంపి సర్వీస్ రిక్వెస్ట్ నంబరు తీసుకోండి. చాలా చోట్ల పని దాంతోనే నడుస్తుంది. సంతకానికి రమ్మంటేనే వెళ్లండి. వెళ్లేటప్పుడు అనుబంధ ఒప్పందం ఏదైనా రాయించుకుంటారా, స్టాంపు కాగితం కావాలా, కావాలంటే ఆంధ్రదా ఒడిశాదా అని ఫోన్లో అడిగి బయల్దేరండి. రాయగడలో కొన్న స్టాంపు కాగితం పట్టుకుని పార్వతీపురం వెళ్తే అక్కడ పనికిరాదనవచ్చు. ఇంగ్లీషులో రాయండి, లేదా హిందీలో. ఫైలు చివరికి చూసేది ఏ ఊళ్లో ఎవరో తెలియదు, తెలుగు దరఖాస్తు పార్వతీపురం దాటితే ఆగిపోతుంది. 

జత చేయాల్సినవి: జీతం ఖాతా ఆరు నెలల స్టేట్‌మెంట్ (పాత 1వ తేదీ జీతాలు, కొత్త 7వ తేదీ జీతాలు రెండూ కనిపించాలి, అదే అసలు సాక్ష్యం), మూడు నెలల పే స్లిప్పులు, కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద "జీతం ప్రతి నెలా 7న జమ చేస్తాం" అని ఒక్క వాక్యం. ఈ ఉత్తరం ఇవ్వడానికి కాంట్రాక్టర్ నసిగితే స్టేట్‌మెంట్‌లో జీతం ఎంట్రీల పక్కన పెన్నుతో గుర్తు పెట్టి పంపండి.

దరఖాస్తు పొడుగ్గా ఉండకూడదు. విషయం ఇంతే:

"నా లోను ఖాతా నంబరు ఫలానా. వాయిదా తేదీ 5. మా యాజమాన్యం జీతం తేదీని 1 నుంచి 7కి మార్చింది, ఆధారాలు జతపరిచాను. ఈ రోజుకి ఖాతాలో బకాయి లేదు. వచ్చే నెల నుంచి వాయిదా తేదీని 10కి మార్చగలరు. వాయిదా మొత్తం, వాయిదాల సంఖ్య మారవద్దు. 5 నుంచి 10 వరకు అదనపు వడ్డీ విడిగా కడతాను, ఎంతో తెలియజేయగలరు. ఇప్పుడున్న మాండేట్ సరిపోతుందో లేదో చెప్పి, మారిన వాయిదాల పట్టిక పంపగలరు."

ఇందులో ఏముందో ఎంత ముఖ్యమో, ఏం లేదో కూడా అంతే ముఖ్యం. "ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నాను, దయచేసి గడువు ఇవ్వండి" అని రాయకండి. మనవాళ్లు ఉత్తరం అనగానే జాలి పుట్టేలా రాయాలనుకుంటారు. లోను ఇచ్చినవాళ్ల భాషలో కట్టలేని స్థితిలో ఉన్నవాడికి ఇచ్చే సడలింపు రీస్ట్రక్చరింగ్ అవుతుంది. దానికి నిబంధనలు వేరు, ఖాతా మీద పడే ముద్ర వేరు. మీ ఆదాయం తగ్గలేదు, తేదీ మాత్రమే మారింది. ఉన్నదున్నట్టు అదే రాయండి. నిజంగా ఆదాయమే తగ్గినవాళ్లు మాత్రం ఈ దారిలో రాకూడదు, వాళ్లు అడగాల్సింది తేదీ మార్పు కాదు.

మొదటి నెల జాగ్రత్త

"మీ అభ్యర్థన పూర్తయింది" అని మెసేజ్ రాగానే యాప్‌లో తర్వాతి వాయిదా తేదీ 10 అని మారిందా చూడండి. దానికంటే నమ్మకమైనది కొత్త వాయిదాల పట్టిక. అందులో వరసగా ఉన్న తేదీలు, వాయిదా మొత్తం, వాయిదాల సంఖ్య 35 దగ్గరే ఉందా, ఆఖరి తేదీ మాండేటు గడువు లోపే ఉందా చూసుకోండి.

సిస్టమ్‌లో తేదీ మారినా పాత ఫైలు అప్పటికే బయల్దేరి ఉంటే 5నే తగులుతుంది. అందుకని ఆ ఒక్క నెల ఎవరి దగ్గరైనా చేబదులు తీసుకునైనా 4 రాత్రికి ఖాతాలో 9,800 ఉంచండి. 5న పోతే పోయింది, వాయిదా కట్టినట్టే, 10న మళ్లీ లాగకుండా ఆ రోజే కస్టమర్ కేర్‌కి చెప్పండి. పోకపోతే 7న జీతం రాగానే చేబదులు తీర్చేయండి.

మార్పు జరిగే లోపు బౌన్స్ తప్పించాలని కొందరు 4నో 5నో యూపీఐలో స్వయంగా కట్టేస్తారు. నాచ్ ఫైలు వెళ్లిపోయాక అలా కడితే రెండోది కూడా కట్ అవుతుంది, తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ముందుగా కట్టాలనుకుంటే నాలుగైదు రోజుల ముందే కట్టి, ఈ నెల నాచ్ ఆపారా అని అడగాలి.

నెల దాటే మార్పయితే ఇంకో మెలిక ఉంది. మీకిది వర్తించదు గానీ, 28న వాయిదా ఉండి 7కి మార్చమనేవాళ్లు కూడా ఇలాంటి ప్రశ్నే అడుగుతుంటారు. ఆగస్టు 28 వాయిదా కట్టాక తర్వాతిది సెప్టెంబరు 7నా, అక్టోబరు 7నా? కంపెనీ సెప్టెంబరు 7 అనుకుంటే పది రోజుల్లో రెండు వాయిదాలు కట్టాలి. అక్టోబరు 7 అయితే సెప్టెంబరు 28 నుంచి తొమ్మిది రోజుల అదనపు వడ్డీ పడుతుంది, కానీ జీతం మధ్యలో వస్తుంది. కాబట్టి దరఖాస్తులో తేదీ ఒక్కటే కాదు, నెల పేరు కూడా రాయాలి. 28 వాళ్లు ఎలాగైనా మార్చుకోవడమే మంచిది. జీతం 2న పడి అప్పుడు కట్టినా నెలాఖరున పంపే లెక్కలో రెండు మూడు రోజుల ఆలస్యం ప్రతి నెలా కనిపించవచ్చు.

ఒప్పుకోకపోతే

సాధారణంగా చెప్పే కారణం ఈ మధ్య బౌన్సులున్నాయని. అలాగయితే ఎన్ని నెలలు సవ్యంగా కడితే మళ్లీ అడగవచ్చో రాతలో అడగండి, చాలా చోట్ల మూడో ఆరో అంటారు. ఆ లోపు దారి ఒకటే: ఒక వాయిదా డబ్బు ఎప్పుడూ ఖాతాలో ముందుగా ఉంచడం. ఈ నెల 7న వచ్చిన జీతంలోంచి వచ్చే నెల 5 వాయిదాని పక్కన పెట్టడమే అది. ఒక్కసారి 9,800 సర్దుకుంటే చాలు, ఆ తర్వాత ఏ నెలా కొత్తగా ఏమీ సర్దక్కర్లేదు. జీతం ఖాతాలో ఉంచితే చేయి ఆగదనుకుంటే, వాయిదాకి వేరే సేవింగ్స్ ఖాతా చూపించి మాండేట్ అక్కడికి మార్పించండి.

మాండేట్‌ని బ్యాంకులో రద్దు చేసేసి "నాకు జీతం పడ్డాక నేనే కడతా" అనడం మాత్రం వద్దు. వాయిదా తేదీ అలాగే 5 ఉంటుంది, ఆలస్యం అలాగే నమోదవుతుంది, పైగా వాళ్ల దృష్టిలో మీరు ఎగ్గొట్టే మనిషి అవుతారు. డబ్బు లేక ఆటో డెబిట్ తిరిగిపోవడం 2007 నాటి చెల్లింపుల చట్టం 25వ సెక్షన్ కింద, చెక్ బౌన్సులాగే, నోటీసు ఇచ్చాక కూడా కట్టకపోతే కేసు పెట్టదగ్గ విషయం. రెండు బౌన్సులకి మీ మీద కేసు పెడతారని కాదు. రికవరీ ఏజెంట్లు ఫోన్లో ఈ సెక్షన్ పేరు చెబుతారు, విని కంగారు పడకండి, వాయిదా కట్టేశాక అందులో పస లేదు.

ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేస్తే తేదీ మారుస్తారా అని కొందరు అడుగుతారు. మార్చరు. తేదీ మార్చాలా వద్దా అన్నది కంపెనీ వ్యాపార నిర్ణయం, అలాంటివాటి మీద అక్కడ ఫిర్యాదు నిలవదు. కానీ మారుస్తామని రాసిచ్చి, 10 అని కొత్త పట్టిక పంపి, మళ్లీ 5నే లాగి బౌన్స్ చార్జీ వేస్తే అది సేవాలోపం. ముందు కంపెనీ గ్రీవెన్స్ అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా cms.rbi.org.in లో ఉచితంగా ఫిర్యాదు పెట్టవచ్చు, 14448కి ఫోన్ చేసి అడగవచ్చు. ఆ రోజు చేతిలో ఉండాల్సినవి సర్వీస్ రిక్వెస్ట్ నంబరు, వాళ్లు పంపిన కొత్త పట్టిక, 5న డబ్బు లాగిన స్టేట్‌మెంట్ పేజీ. చార్జీ వేసిన కంపెనీ 590 వెనక్కిచ్చినా, మీ బ్యాంకు తీసుకున్న 295 కూడా వాళ్ల తప్పు వల్లే పోయింది కాబట్టి ఫిర్యాదులో రెండూ కలిపి 885 అని అడగండి.